పది నిమిషాల్లో రాజశేఖరుడు

నవల మీద క్లాసులో మాట్లాడమంటే మన పిల్లలు చేసే పని ఒకటే. కథ మొదలుపెడతారు. నాయకుడి ఊరు, పెళ్లాం పేరు, పిల్లలెంతమంది, ఎవరు ఎవర్ని మోసం చేశారు, ఆ తర్వాత ఏమైంది, ఆ తర్వాత ఇంకేమైంది. ఏడో నిమిషానికి కథ ఇంకా సగంలోనే ఉంటుంది. మేష్టారు గడియారం చూసేసరికి కంగారుపడి, "కాబట్టి ఈ నవల ఇతివృత్తం మూఢనమ్మకాల ఖండన" అని ఒక్క ముక్క అనేసి బెంచీలో కూలబడతారు. మాట్లాడమన్న విషయానికి దక్కింది ఆ ఒక్క వాక్యం.

మా అన్నయ్య కూతురు పట్టిసీమ నుంచి కొవ్వూరు మీదుగా బస్సులో రాజమండ్రి కాలేజీకి వెళ్లొస్తుంది. వాళ్ల తెలుగు క్లాసులో తలా ఒక నవల ఇచ్చి, దాని ఇతివృత్తం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. దీనికి వచ్చింది కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము'. నేను బళ్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి పుస్తకం, నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అత్తా, పాత భాష. ఏం చెప్పాలో కూడా తెలీడం లేదు" అంది. ఏం చెప్పాలో తేలిపోతే భాష అంత భయపెట్టదని కూర్చోబెట్టాను. ఆ నవలనే చేతిలో పెట్టుకుని, అలాంటి ప్రసంగం ఎలా తయారవుతుందో ఇక్కడ చెబుతాను.

నిజానికి ఈ నవల దొరకడం గోదావరి పిల్లల అదృష్టం. మా వీరభద్రస్వామి గుడి కొండ పక్కనుంచి పారే నీరు దిగువకెళ్లి రాజమండ్రి దాటగానే తగిలే ధవళేశ్వరమే రాజశేఖరుడి ఊరు. కథ పెద్దాపురం రాజుల నాటిదని రాసినా అందులోని మనుషులు రచయిత కళ్ల ముందు తిరిగినవాళ్లే. 1878లో తన 'వివేకవర్ధని' పత్రికలో దీన్ని వరసగా అచ్చువేశాడు. 1880లో పుస్తకమైంది. 'వివేకచంద్రిక' అని దీనికి రెండో పేరు. ఈ రెండో పేరు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా పిల్ల మొదట రాసుకొచ్చిన కాగితంలో రచయిత పుట్టిన సంవత్సరం 1848 నుంచి పోయిన 1919 దాకా జీవితమంతా ఉంది. దాని కింద ఇది తెలుగులో తొలి నవల అవునా కాదా అనే తగువు కూడా ఉంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారి 'శ్రీరంగరాజ చరిత్రము' 1872లోనే వచ్చింది కదా అని వాదించేవాళ్లున్నారు. తగువు మంచిదే. కానీ దాన్ని ఎత్తుకుంటే రెండు నిమిషాలు హారతి కర్పూరం. అడిగింది నవల ఇతివృత్తం. నవల పుట్టుక ఎవరూ అడగలేదు. ఆ కాగితం పక్కన పెట్టించాను.

తర్వాత అడిగాను. "ఈ నవల ఏం చెబుతోందే?"

"మూఢనమ్మకాలు చెడ్డవని."

"అది తెలియడానికి నవల చదవాలా?"

నవ్వింది. అసలు పని అక్కడే మొదలవుతుంది. 'మూఢనమ్మకాలు' అన్నది విషయం. ఇతివృత్తం అంటే ఆ విషయం గురించి ఈ నవల ప్రత్యేకంగా ఏమంటోందో చెప్పే వాక్యం. ఆ వాక్యం ఇంకే నవలకీ అతకకూడదు, దాన్ని ఎవరైనా కాదనడానికి వీలుండాలి. 'మూఢనమ్మకాలు చెడ్డవి' అంటే క్లాసులో ఎవడూ కాదనడు. కాదనడానికి వీల్లేని మాట మీద పది నిమిషాలు మాట్లాడితే వినేవాళ్లకి ఆవలింతలే.

వాక్యం దొరకాలంటే సంఘటనల్లోకి వెళ్లాలి. రాజశేఖరుడు డబ్బున్నవాడు, మంచివాడు, కాస్త చదువుకున్నవాడు కూడా. అలాంటివాడు ఎలా మునిగాడు? మా పిల్ల చేత చీటీలు రాయించాను. ఒక్కో చీటీ మీద రాజశేఖరుడి ఇంటికి నష్టం తెచ్చిన ఒక్కో సంఘటన. బంగారం చేస్తానన్న బైరాగి ఒక చీటీ. పోయిన నగ జాడ చెప్పించుకోవడానికి, పిల్లకి దెయ్యం పట్టిందని వదిలించుకోవడానికి మంత్రగాణ్ని నమ్మడం ఇంకో చీటీ. ఇంటి చుట్టూ చేరి పొగుడుతూ, పబ్బం గడుపుకుంటూ, డబ్బయిపోగానే మొహం చాటేసిన జనం ఇంకోటి. కాశీకి వెళ్లిన అల్లుడు నృసింహస్వామి పోయాడన్న వార్త వచ్చి, పెద్ద కూతురు రుక్మిణిని ఇల్లంతా వితంతువు కింద చూడడం మరొకటి.

చీటీలన్నీ చాప మీద పరిచాక ఒక చీటీ మిగతావాటితో కలవకుండా మొండికేసింది. బైరాగి, మంత్రగాడు మూఢనమ్మకం కింద చేరతారు. మరి పొగిడేవాళ్లు? వాళ్లది మాయా కాదు, మంత్రమూ కాదు. "అయితే పొగడ్తే ముంచిందని చెప్పనా?" అంది. అది మొదటిదానికంటే నయం. దాన్ని కాదనేవాడు ఉంటాడు. కానీ అప్పుడు అల్లుడి చావు వార్త బయటికి పోతుంది. ఆ వార్త ఎవరూ పొగడ్త కోసం తేలేదు.

మరి ఆ వార్తలో ఏముంది? చివర్లో నృసింహస్వామి బతికే తిరిగొస్తాడు. అంటే వార్త అబద్ధం. అయినా ఆ ఇంట్లో ఒక్కరు కూడా దాని నిజానిజాలు తేల్చుకోలేదు, ఏడుపు మొదలెట్టారు. ఈ సంగతి తట్టగానే చీటీలన్నీ ఒక దగ్గరికొచ్చాయి. బైరాగి మాట, ముఖస్తుతి చేసేవాళ్ల మాట, చావు కబురు, మూడింటినీ ఆ ఇల్లు ఒకే తీరుగా విన్నది. చెప్పినవాడి మొహం చూసింది గానీ చెప్పినదాన్ని తరచి చూడలేదు. మూఢనమ్మకం ఆ అలవాటులో ఒక ముక్క మాత్రమే. రచయిత పెట్టిన 'వివేకచంద్రిక' అన్న పేరు కూడా ఇటే వేలు చూపిస్తుంది.

మా పిల్ల నోటుబుక్కులో రాసుకుంది: "రాజశేఖరుణ్ని ముంచింది అతని నమ్మకాలు కావు, విచారించకుండా నమ్మే అతని అలవాటు." ఇది వాక్యం. క్లాసులో ఎవడైనా లేచి కాదనొచ్చు. అందుకే దీన్ని పది నిమిషాలు మోయొచ్చు.

ఇక్కడితో ఆగిపోయే పిల్లలు చాలామంది. వాక్యం దొరికిందన్న సంబరంలో దానికి సరిపడే సంఘటనలే ఏరుకుంటారు. నేను మాత్రం దానికి ఎదురుతిరిగే సంఘటన ఒక్కటైనా వెతికి తెమ్మన్నాను. ప్రసంగానికి ప్రాణం అక్కడుంటుంది. రెండు రోజులాగి, చదివిన పుస్తకమే మళ్లీ చదివి, తెచ్చింది.

డబ్బంతా పోయి కుటుంబం కాశీయాత్రకని బయల్దేరుతుంది. దారిలో ఎండకు సొమ్మసిల్లిన ఒక క్షత్రియుడు కనిపిస్తాడు. రాజశేఖరుడు అతనికి ఉపచారం చేస్తాడు. ఎవరు, ఏ ఊరు, మంచివాడా దొంగా అని ముందుగా ఆరా తియ్యడు. రామరాజునని చెప్పుకున్న ఆ మనిషి మారువేషంలో తిరుగుతున్న పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి. తర్వాత పెద్దాపురంలో శోభనాద్రిరాజు పన్నిన ఉచ్చులో పడి రాజశేఖరుడు చెరసాల పాలైతే, చివరికి గట్టెక్కించేదీ అతనే.

"అత్తా, ఇక్కడ విచారించకపోవడమే కదా కాపాడింది! నా వాక్యం పోయినట్టే" అంది దిగులుగా.

పోలేదు, పదునెక్కింది. రాజశేఖరుడు రామరాజు దగ్గర దేన్నీ నమ్మలేదు, నమ్మాల్సిన అవసరమూ రాలేదు. సాయం చేశాడంతే. బైరాగి చేతికి బంగారం ఇచ్చినప్పుడు తనకేదో వస్తుందన్న ఆశ ఉంది. పొగిడేవాళ్లకి పెట్టినప్పుడు తన గొప్ప వినాలన్న కోరిక ఉంది. పడిపోయినవాడి దగ్గర ఏ ఆశా లేదు. ఈ తేడా పట్టుకున్నాక దాని వాక్యం ఇలా మారింది: "తనకేదో వస్తుందని నమ్మేటప్పుడు విచారించకపోతే మునుగుతాం, ఎదుటివాడికి చేసేటప్పుడు విచారించకపోయినా మునగం అంటుంది ఈ నవల." చావు కబురు దీంట్లో సరిగ్గా ఇమడదు. ఇమడదని తెలుసుకుని, ఆ మాట క్లాసులో చెప్పేయడమే మేలని అనుకున్నాం. ప్రతి చీటీనీ బలవంతాన ఒకే గూట్లోకి తోస్తే, పుస్తకం చదివిన మేష్టారికి తెలిసిపోతుంది.

ఇక పది నిమిషాల లెక్క. తెలుగులో నింపాదిగా, క్లాసు చివరి బెంచీకి వినబడేలా మాట్లాడితే నిమిషానికి తొంభై నుంచి వంద మాటలు నడుస్తాయి. పదికి వెయ్యి అనుకోవద్దు. మధ్యలో ఆగడాలు, పుస్తకం తెరవడాలు ఉంటాయి కాబట్టి తొమ్మిది వందల మాటల సరుకు చాలు. నోటుబుక్కులో ఆరేడు పేజీలు. అంతకంటే ఎక్కువ రాసుకుంటే చివర్లో బస్సు తప్పిపోతున్నట్టు పరిగెత్తాలి. చివర్లో ఉండేదే అసలు మాట, అదే నలిగిపోతుంది.

కథకు రెండు నిమిషాలకు మించి ఇవ్వలేదు. వినేవాళ్లలో నవల చదవనివాళ్లే ఎక్కువ కాబట్టి కథ బొత్తిగా మానేయకూడదు. కానీ చెప్పాల్సిందల్లా ధవళేశ్వరంలో బాగా బతికిన కుటుంబం ఆస్తి పోగొట్టుకుని, కాశీకని బయల్దేరి, దారిలో దొంగల చేతిలో పడి, చెదిరిపోయి, పెద్దాపురం రాజు చలవతో మళ్లీ ఒకచోట చేరిందని. రుక్మిణి దొంగల దాడిలో పోయిందనుకోవడం, కొడుకు సుబ్రహ్మణ్యం పిఠాపురం చేరడం లాంటివి ఎంత ఆసక్తిగా ఉన్నా వదిలేయాలి. మా పిల్లకి అవే ఇష్టం. వదలమంటే మొహం ముడుచుకుంది. ఎవరైనా అడిగితే చెప్పుకోవే అన్నాను.

కథ ఎక్కువైపోతోందని తెలుసుకోవడానికి ఒక గుర్తుంది. ఫోన్లో మీ మాట మీరే రికార్డు చేసుకుని వినండి. నాలుగో నిమిషంలో ఇంకా 'ఆ తర్వాత' అనే మాట వినబడుతుంటే మీరు కథ చెబుతున్నారన్నమాట. ఇతివృత్తం చెబుతుంటే ఆ చోట 'ఎందుకంటే', 'కానీ' వినబడాలి. మా పిల్ల మొదటి రికార్డింగ్ 'ఆ తర్వాత'లతో నిండిపోయింది. విని తనే పెన్ను తీసుకుని కొట్టేసింది.

మిగతా కాలంలో ఎక్కువ వాటా బైరాగి ఘట్టానికి ఇచ్చాం. మూడు సంఘటనలు తలా ఒక నిమిషం చెప్పడం కంటే ఒకదాన్ని దగ్గరగా చూపించి మిగతా రెంటినీ దానికి ఆనించి నిలబెట్టడం మేలు. ఈ ఘట్టంలో రాజశేఖరుడి ఇంటి బంగారం, వెండి బైరాగి చేతికి వెళ్తాయి, రెట్టింపు కాకపోగా అతనితోపాటే మాయమవుతాయి. ఇక్కడ క్లాసుకి చూపించాల్సింది మోసం జరిగిన తీరు. చదువుకున్న మనిషి ఒక్కసారిగా మోసపోడు. ముందు బైరాగి మీద గౌరవం, తర్వాత చిన్న నమ్మకం, ఆ తర్వాత పెద్దాశ. ఈ మెట్లు పుస్తకంలో ఎక్కడెక్కడ ఉన్నాయో మా పిల్ల పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది. మాట్లాడేటప్పుడు పుస్తకం చేతిలో ఉంచుకుని, ఒక్క చోట మాత్రం రెండు వాక్యాలు పైకి చదవాలని అనుకుంది.

ఆ చదవడం గురించి ఒక మాట. వీరేశలింగం గారిది గ్రాంథికం. సంధులు విడదీసుకోకుండా క్లాసులో చదివితే నాలుక తడబడుతుంది, వెనక బెంచీ నుంచి కిచకిచలు మొదలవుతాయి. చదవబోయే రెండు వాక్యాలనీ విడిగా కాగితం మీద ముక్కలు చేసి రాసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గీత పెట్టుకోవాలి. మిగతాదంతా మన మాటలోనే. పుస్తకం భాష ఒంటబట్టి "రాజశేఖరుడు మిక్కిలి దుఃఖించెను" అని మాట్లాడే పిల్లలుంటారు. వాళ్లు పుస్తకం తిరిగి అప్పజెబుతున్నారని మేష్టారికి వెంటనే అర్థమవుతుంది.

మొదలు ఎలా పెట్టాలన్నది ఆఖర్న తేల్చాం. ముందుగా తేల్చుకోకపోవడమే నయం, ఎందుకంటే చివరికి ఏం చెప్పబోతున్నామో తెలిశాకే దానికి తగ్గ గుమ్మం పెట్టగలం. పెట్టిన డబ్బు నెల తిరిగేసరికి రెట్టింపంటూ ఫోన్లకి వచ్చే మెసేజీలతో మొదలెడతానంది. బైరాగికి వీటికి చుట్టరికం ఉన్నమాట నిజమే. కాకపోతే అర నిమిషం దాటకూడదని ఒప్పించాను. దాటితే ప్రసంగం సైబర్ మోసాల మీదికి మళ్లుతుంది, ఆ తర్వాత దాన్ని ధవళేశ్వరం లాక్కురావడం కష్టం.

అర నిమిషం గుమ్మానికి, వాక్యం చెప్పడానికి ఇంకో అర నిమిషం, కథకి రెండు నిమిషాలు. బైరాగికి మూడు. పొగిడేవాళ్లకీ చావు కబురుకీ కలిపి ఒకటిన్నర. రామరాజు ఘట్టానికి రెండు. మిగిలిన అర నిమిషం మార్చిన వాక్యానికి. వాక్యం మొదట్లోనే చెప్పేస్తే సస్పెన్సు పోదా అని అడిగింది. ఇతివృత్తం మీద మాట్లాడేటప్పుడు సస్పెన్సుతో పనిలేదు. వినేవాళ్లకి ముందే వాక్యం తెలిస్తే ప్రతి సంఘటననీ దానితో సరిచూసుకుంటూ వింటారు. రామరాజు వచ్చి ఆ వాక్యాన్ని కుదిపినప్పుడు వాళ్లూ కుదుపు తింటారు.

ప్రసంగం అయ్యాక వచ్చే ప్రశ్నలకీ సిద్ధపడాలి. రెండు ప్రశ్నలు రావడం ఖాయమనుకున్నాం.

మొదటిది, ఇది ఇంగ్లీషు నవలకి నకలు కదా అని. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో రాసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' తనకు ఆధారమని వీరేశలింగం గారే చెప్పుకున్నారు. మారువేషంలో తిరుగుతూ చివరికి ఆదుకునే పెద్దమనిషి అందులోనూ ఉన్నాడు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు 'వివేకచంద్రికా విమర్శనము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. దీనికి ఉలిక్కిపడి, లేదండీ అంతా సొంతమేనండీ అని బుకాయించకూడదు. చట్రం అక్కడిదే. కానీ బైరాగి, మంత్రగాడు, అల్లుడి చావు కబురుతో రుక్మిణి బతుకు తలకిందులు కావడం గోదావరి గట్టువే. మా పిల్ల వాక్యం నిలబడింది కూడా ఈ సంఘటనల మీదే. రామరాజు మాత్రం అక్కణ్నుంచి వచ్చినవాడు, ఆ సంగతి దాచకుండా ఒప్పుకోవాలి. ఇంకో కొసరు కూడా ఉంది. ఈ తెలుగు నవల 1887లో హచిన్సన్ అనే ఆయన అనువాదంతో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయింది. దానికాయన పెట్టిన పేరుకి అర్థం 'అదృష్టచక్రం'. అంటే ఆయనకి కనబడిన ఇతివృత్తం కలిమిలేములు చక్రంలా తిరగడం. మా పిల్ల వాక్యానికి ఇది సూటిగా ఎదురు. విధే తిప్పిందంటే రాజశేఖరుడి తప్పేమీ లేనట్టు. ఎవరైనా ఈ పక్షం తీసుకుంటే బైరాగి చేతికి బంగారం ఇచ్చింది విధి కాదు, రాజశేఖరుడే అని చెప్పడానికి పెన్సిల్ గీతలు పెట్టుకున్న పేజీలున్నాయి.

రెండోది ఇంకా గట్టి ప్రశ్న. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి, మూడేళ్ల ముందు రాసిన నవలలో రుక్మిణికి మళ్లీ పెళ్లి చెయ్యకుండా, పోయాడనుకున్న మొగుణ్నే తిరిగి తెచ్చి ఎందుకు అప్పజెప్పాడు? దీనికి నేనూ మా పిల్లా ఒక మాట మీదకి రాలేదు. రాసేనాటికి రచయితే ఇంకా అంత దూరం వెళ్లలేదని అది అంటుంది. కబురు అబద్ధమని తేలితేనే విచారించకుండా నమ్మడం ఎంత పని చేస్తుందో పాఠకుడికి తగులుతుంది, అందుకే మొగుడు బతికుండాలి అని నేనంటాను. తన సమాధానమే చెబుతానంది. చెప్పుకోమన్నాను, కాకపోతే 1878, 1881 ఈ రెండు సంవత్సరాలూ బోర్డు మీద రాసి మరీ చెప్పమన్నాను.